"చెట్లు ఎండిపోయింది" తప్పా, ఒప్పా?

నకిరేకల్ విలేకరి: ముఖ్యమైన మాట వాక్యం చివర పెట్టాలంటరు. మన వాక్యం చివర క్రియ ఉంటది కదా, మరి ఎట్ల? నా వాక్యం: "బోరు అడుగంటడం వల్ల బత్తాయి చెట్లు ఎండిపోయినయి." బరువు బోరు మీద పడాలె.

మిర్యాలగూడ: తీసి చివర పెట్టు, అంతే. "బత్తాయి చెట్లు ఎండిపోయినయి, బోరు అడుగంటడం వల్ల." తెలుగుల మాటలు ఎటు జరిపినా అర్థం మారదు.

దేవరకొండ పంతులు: అర్థం మారదు గని బరువు మారుతది. "ఎండిపోయినయి" అనంగనే వాక్యం అయిపోయింది. ఎనుక వచ్చేది మర్చిపోయి తగిలించినట్టు ఉంటది. గట్టిగ చదువుర్రి, గొంతు అక్కడ్నే దిగిపోతది. "బత్తాయి చెట్లు ఎండిపోయింది బోరు అడుగంటడం వల్ల" అనుర్రి. ఇప్పుడు చెవి ఆగదు, ఎందుకు అని ఎదురుచూస్తది. చెట్లు ఎన్నున్నా, మనుషులే అయినా ఈ రూపం మారదు: "మందు కొట్టింది మేము", "వచ్చింది వాళ్లు". కాదనాలన్నా చివర్నే: "ఎండిపోయింది తెగులుతోని కాదు."

పాలమూరు అక్క: నేను గట్లనే రాసిస్తే ఒక పత్రిక డెస్కుల "చెట్లు" బహువచనం కదా అని "ఎండిపోయినయి" చేసిన్రు. వాక్యం చప్పబడ్డది. మన యాసంటే చిన్నచూపు.

దేవరకొండ పంతులు: ఇది యాస కాదక్కా. కోస్తాల కూడా "వచ్చింది వాళ్లు" అనే అంటరు. దిద్దినోళ్లు లెక్క తప్పిందనుకున్నరు, వాక్యం కట్టుడే వేరని చూడలే.

మిర్యాలగూడ: మీరిద్దరూ డెస్కు మీద పడ్డరు! అడిగినాయన వార్త రాస్తున్నడు. మొదటి వాక్యమే "ఎండిపోయింది బోరు వల్ల" అంటే, చదివేటోనికి చెట్లు ఎండిన సంగతే ఇంకా తెల్వదు. తెల్వనిదాన్ని తెలిసినట్టు రాస్తే ఎట్ల? ఆ డెస్కాయన దిద్దింది అందుకే కావచ్చు.

పాలమూరు అక్క: నాది మూడో పేరా, మొదటిది కాదు.

దేవరకొండ పంతులు: మిర్యాలగూడ అన్నా, ఈ మాట మొదలే అంటే అయిపోవు. నువ్వన్నది నిజం. మొదటి వాక్యం మామూలుగనే ఉండాలె: "బత్తాయి చెట్లు ఎండిపోయినయి. రైతులు తెగులనుకుని రెండు మార్లు మందు కొట్టిన్రు." ఎండిన సంగతి చదివేటోనికి తెలిసింది కాబట్టి ఇప్పుడు పెట్టు: "ఎండిపోయింది బోరు అడుగంటి." ఒక్క వాక్యంలనే చెప్పాల్నంటే క్రియకు ముందుకు జరిపి "నే" తగిలియ్యి: "బత్తాయి చెట్లు బోరు అడుగంటడం వల్లనే ఎండిపోయినయి." అయితే "నే" అంటే ఇంకే కారణం లేదన్నట్టు. తెగులు కూడా కొంత ఉంటే అది అబద్ధమైతది, చూసుకో.

నకిరేకల్ విలేకరి: తెగులు కూడా ఉందనే అంటున్నరు సార్. "నే" తీసేస్త.

మిర్యాలగూడ: అట్లయితే "ఎండిపోయింది బోరు అడుగంటి" అన్నా తెగులును పక్కకు నెట్టినట్టే కదా?

దేవరకొండ పంతులు: "నే" అంత గట్టిగ నెట్టదు.

మిర్యాలగూడ: నాకైతే రెండూ ఒక్కతీరే వినబడుతున్నయి.