అప్‌డేట్: ఫోన్‌లోనే క్యాన్సిల్ అయింది

నా ప్రశ్న: "సబ్‌స్క్రిప్షన్ క్యాన్సిల్ చేయమంటే కస్టమర్ కేర్ వాళ్లు ఆఫర్లు చెప్తూ సాగదీస్తున్నారు. ఏం మాట్లాడాలి?"

సలహా ఇచ్చినవాళ్లందరికీ థాంక్స్. పనిచేసింది కారణం చెప్పకపోవడమే. "ఖరీదు ఎక్కువ" అంటే డిస్కౌంట్, "వాడట్లేదు" అంటే కొన్నాళ్లు ఆపుకోండి అంటారు. ప్రతి కారణానికీ వాళ్ల దగ్గర జవాబు సిద్ధం. అందుకే నేను, "వ్యక్తిగత కారణం. ఆఫర్లు వద్దు. ఈరోజే రద్దు చేసి రిక్వెస్ట్ నంబర్ చెప్పండి" అన్నాను. ఆఫర్ చెప్పినప్పుడల్లా అవే మాటలు, అదే మర్యాదతో.

తర్వాత "సిస్టమ్ పనిచేయట్లేదు, రేపు ఫోన్ చేయండి" అన్నారు. "లైన్‌లో ఉంటాను. కుదరకపోతే ఈ తేదీన రద్దు అడిగానని నోట్ చేసి, ఆ నంబర్ ఇచ్చి, సూపర్‌వైజర్‌కి కలపండి" అన్నాను. కాసేపు హోల్డ్‌లో పెట్టి, ఆ కస్టమర్ కేర్ ఆవిడే రద్దు చేసింది.

ఫోన్ పెట్టేయకముందే కన్ఫర్మేషన్ మెయిల్ తెప్పించుకున్నాను. బ్యాంకులో ఆటోపే ఆపాల్సిన అవసరం రాలేదు. అది ఆపినంత మాత్రాన సబ్‌స్క్రిప్షన్ రద్దవదు, బకాయి పడొచ్చు కూడా.