80డి: తల్లిదండ్రుల్లో ఒకరే సీనియర్ సిటిజన్ అయితే పరిమితి 50,000 వర్తిస్తుందా?

2024-25 ఆర్థిక సంవత్సరం, పాత పన్ను విధానం. నాకు, భార్యకు, పాపకు కలిపి ఆరోగ్య బీమా ప్రీమియం 18,000 రూపాయలు. అమ్మానాన్నలకు ఒకే ఫ్లోటర్ పాలసీ, ప్రీమియం 54,000. రెండూ నా బ్యాంకు ఖాతా నుంచే కట్టాను. నాన్నకు 67, అమ్మకు 58.

నా లెక్క: మా ముగ్గురికి 18,000, తల్లిదండ్రులకు 50,000, మొత్తం 68,000. మా వాటాలో మిగిలిన 7,000లోకి వాళ్ల అదనపు 4,000 మళ్లించే వీలు లేదని తెలుసు, అది పోయినట్టే.

కంపెనీ జీతాల విభాగం మాత్రం అమ్మకు 60 నిండలేదంటూ తల్లిదండ్రులకు 25,000 చాలంది. ఫారం 16లో 43,000 మాత్రమే వచ్చింది. ప్రీమియం విడదీసి చూపమని బీమా సంస్థను అడిగితే, ఫ్లోటర్‌లో మనిషికింత అని ఉండదన్నారు. రిటర్నులోని 80డి షెడ్యూలు మాత్రం తల్లిదండ్రుల్లో ఎవరైనా ఒకరు సీనియరా అనే అడుగుతోంది!

ఇలాంటి ఫ్లోటర్‌కు, ఫారం 16లో తక్కువ ఉన్నా, రిటర్నులో ‘అవును’ ఎంచుకుని పూర్తి 50,000 చూపవచ్చా?