సమస్య: నీచ నున్న కుజుఁడు నెగ్గి వచ్చె (ఆటవెలది)

పృచ్ఛకుడు: పద్యం పాశ్చాత్య జ్యోతిషం లెక్కతోనే నడవాలి. విలియం లిల్లీ 1647లో లండన్‌లో అచ్చువేసిన మార్కులు వాడండి. సొంతిల్లు 5, ఉచ్చ 4. సొంతింటికి ఎదురిల్లయితే 5 పోతాయి, నీచలో 4. చిల్లర మార్కులూ ఉన్నాయి, వెతుక్కోండి. కిటుకు వాటిలోనే ఉంది.

గోదారిగట్టు:
గురుఁడు తోడు నుండఁ గుజునకు బలమబ్బె
నీచభంగ మనెడు నియమ మిదియె
తాత చెప్పినట్టి దారిలో నడువఁగా
నీచ నున్న కుజుఁడు నెగ్గి వచ్చె

చుక్కలబండి: ధార బాగుంది. కుజుడికి కర్కాటకం నీచ అన్నది రెండు పద్ధతుల్లోనూ నిజమే. కానీ నీచభంగం మన తాతగారిది, లిల్లీ పట్టికలో దానికి మార్కు లేదు. నా ప్రయత్నం:

కర్కటకపు మొదటి గడపలో నుండఁగా
నీచ నాల్గు తీసె, నీట మూడు,
హద్దు రెండు కలుప నాఖరి కొక్కటై
నీచ నున్న కుజుఁడు నెగ్గి వచ్చె

కర్కాటకంలో 4వ భాగం అనుకోండి. నీచ వల్ల 4 పోయాయి. జలరాశులకు కుజుడే అధిపతి కాబట్టి 3 వచ్చాయి. మొదటి 6 భాగాలు అతని హద్దు, అందుకు ఇంకో 2. మిగిలింది 1.

పృచ్ఛకుడు: ఇదే నేననుకున్న కిటుకు. "నీట మూడు" దగ్గర మాత్రం క్రియ కోసం వెతుక్కోవలసి వచ్చింది.

పెళ్ళికొడుకు: మా పంచాంగం ప్రకారం నాకూ కుజుడు కర్కాటకంలోనే, 24వ భాగం!

కుజుని దోష మనిరి, గుండెలు జారెను
పెండ్లి చూపు లైదు జరిగి పోయె
ఆఱవదియె నిలిచె నాలియై యింటిలో
నీచ నున్న కుజుఁడు నెగ్గి వచ్చె

పృచ్ఛకుడు: రెండో పాదంలో యతి తప్పింది. "వెళ్లి పోయె" అంటే సరిపోతుంది. మార్కులేవి?

చుక్కలబండి: పెళ్ళికొడుకు గారూ, పాశ్చాత్యులు అయనాంశ తీసెయ్యరు. మీ పంచాంగం అంకెకు దాదాపు 24 భాగాలు కలపాలి. అప్పుడు మీ కుజుడు సింహంలో 18 దగ్గరికి వెళతాడు. నీచ తప్పింది. కానీ అక్కడ అతనికి ఇల్లు లేదు, ఉచ్చ లేదు, ఏ చిన్న హక్కూ లేదు. అలాంటి పరదేశికి లిల్లీ 5 తీసేస్తాడు. అంటే నీచకన్నా ఒకటి ఎక్కువే పోయింది!

పెళ్ళికొడుకు: ఈ మాట మా ఆవిడకు చెప్పను.

కంచుగంట: చుక్కలబండి గారి లెక్కకు ఒక అభ్యంతరం. జలరాశులను పగలూ రాత్రీ కుజుడికే ఇవ్వడం లిల్లీ పట్టిక. అంతకు చాలా ముందే డొరోథియస్ పగలు శుక్రుడికి, రాత్రి కుజుడికి ఇచ్చాడు. పగటి జాతకమైతే ఆ 3 రావు. 4 పోయి 2 వస్తే, కుజుడు 2 అప్పుతో ఓడినట్టేగా?

చుక్కలబండి: పృచ్ఛకులు లిల్లీ అన్నారు కాబట్టి గెలిపించాను. డొరోథియస్ పక్షమైతే రెండో పాదం, మూడో పాదం మార్చాలి, లేదా కుజుణ్ణి రాత్రి పుట్టించాలి.

గోదారిగట్టు: 1 మార్కు వచ్చినా అతను నీచలోనే ఉన్నాడుగా. పాసయినట్టా, గ్రేస్ మార్కులా?

పృచ్ఛకుడు: దానిమీద ఇంకో పూరణ పంపండి. గడువు ఆదివారం.