పానిక్ అటాక్‌లో పెదాల తిమ్మిరి తగ్గుతోంది, ఛాతీ బిగుతు మాత్రం పోవడం లేదు

బెంగళూరులో ఉంటాను, వయసు 31. నెలలో నాలుగుసార్లు పానిక్ అటాక్ వచ్చింది. మొన్న సిల్క్ బోర్డ్ దగ్గర బస్సులో ఉండగా వచ్చింది. ముందు ఊపిరి అందనట్టు అనిపించింది. రెండు మూడు నిమిషాలకే పెదాల చుట్టూ, వేళ్ల చివర్లలో తిమ్మిరి మొదలైంది. ఆ తర్వాత ఛాతీ బిగుసుకుపోయింది.

మొదటిసారే ఆసుపత్రికి వెళ్లాను. ఈసీజీ, రక్తపరీక్షలు నార్మల్. ఊపిరి ఆడట్లేదని నేను ఏడుస్తుంటే ఆక్సీమీటర్ 99 చూపించింది! వేగంగా ఊపిరి తీస్తే ఆక్సిజన్ తగ్గదని, కార్బన్ డయాక్సైడ్ అవసరానికి మించి బయటికి పోతుందని డాక్టరు గారు చెప్పారు. దాంతో రక్తంలో క్షారగుణం పెరుగుతుందట. అప్పుడు రక్తంలో విడిగా ఉండే కాల్షియం కొంత ప్రోటీన్లకు అంటుకుని, నరాలు ఊరికే స్పందిస్తాయట. తిమ్మిరి అందుకే.

గట్టిగా గాలి పీల్చి చూశాను, ఇంకా ఎక్కువైంది. ఇప్పుడు అర్థమవుతోంది, అలా చేస్తే కార్బన్ డయాక్సైడ్ ఇంకా పోతుంది కదా. కాగితం సంచిలో ఊపిరి తీయొద్దన్నారు, కారణం గుండెదో ఆస్తమానో అయితే ప్రమాదమట. ఇప్పుడు ముక్కుతో 4 లెక్కపెట్టి పీల్చి, 6 లెక్కపెట్టి వదులుతున్నాను. పది నిమిషాల్లో తిమ్మిరి పోతోంది. కానీ ఛాతీ బిగుతు గంటకు పైగా ఉంటోంది, పక్కటెముకల మధ్య నొక్కితే నొప్పి. మళ్లీ తీయించిన ఈసీజీ కూడా నార్మలే.

భుజాలు ఎగరేస్తూ ఊపిరి తీయడం వల్ల ఛాతీ కండరాలు అలిసిపోయి ఇలా ఉంటోందా? మీకూ ఇలాగే ఉంటే, దేనితో తగ్గింది?