స్కూల్ బస్సు డ్రైవర్లకు ప్రమాదాల ఫొటోలు చూపించాలా?

గుంటూరు, పాఠశాల రవాణా బాధ్యుడు: జూన్‌లో బడులు తెరిచేముందు ట్రాఫిక్ ఎస్సై గారు మా డ్రైవర్లతో మాట్లాడతారు. పోయినేడు వేరొక అధికారి ప్రమాదాల ఫొటోలు చూపిస్తే ఇద్దరు లేచి వెళ్లిపోయారు. ఈసారి జరిగిన సంఘటనలు చెప్పమనాలా, వద్దనాలా?

అరండల్‌పేట, బస్సుల యజమాని: భయం లేనిదే ఎవరూ వినరండీ. కొత్త చట్టంలో మనిషి పోతే పదేళ్ల జైలని మొదటే చెప్పించండి.

విజయవాడ, విశ్రాంత ట్రాఫిక్ ఎస్సై: ఆ పదేళ్ల మాట చెప్పించకండి. అది భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 106 రెండో క్లాజులోది, ప్రమాదం చేసి ఎవరికీ చెప్పకుండా పారిపోయినవారికి ఉద్దేశించినది. 2024 జూలై 1న సంహిత అమల్లోకి వచ్చినప్పుడు ఆ క్లాజును పక్కన పెట్టారు. నిర్లక్ష్యంతో ప్రాణం పోతే మొదటి క్లాజు కింద ఐదేళ్ల వరకు శిక్ష ఉంటుంది. అంకె పెంచి బెదిరిస్తే, దెబ్బతగిలిన బిడ్డను ఆసుపత్రికి చేర్చవలసిన మనిషికి ముందు పారిపోవాలన్న ఆలోచనే వస్తుంది.

ఫొటోల విషయంలో యజమాని గారు సగం నిజమే చెప్పారు, ఎందుకంటే జరిగినది చెప్పకపోతే మాట నిలవదు. నేను ఒకే సంఘటన చెప్పేవాణ్ణి. బస్సు దిగిన ఒకటో తరగతి పిల్లవాడి చేతిలోని నీళ్ల సీసా జారి బంపరు ముందుకు దొర్లింది, వాడు దానికోసం వంగాడు. వెనుక వాహనాల కోసం కుడి అద్దం చూస్తున్న డ్రైవరు బండి కదిలించాడు. నెత్తుటి ప్రస్తావన లేకుండా అక్కడ ఆపేసి, అందరినీ మైదానంలోకి తీసుకెళ్లేవాణ్ణి. ఇంజను ఆపి హ్యాండ్ బ్రేకు వేసిన బస్సులో ఒక డ్రైవరును కూర్చోబెట్టి, వంగిన పిల్లవాడి ఎత్తున్న అట్టపెట్టెను బంపరుకు ఆనించి పెట్టి, అడుగడుగునా ముందుకు జరుపుతూ కనబడగానే హారన్ కొట్టమనేవాణ్ణి. అక్కడ సున్నంతో గీత గీస్తే, దిగి వచ్చిన డ్రైవరు గీతకూ బంపరుకూ మధ్య నడిచి చూసి, చాలాసేపు మాట్లాడేవాడు కాదు. గీత బస్సును బట్టి, కూర్చునే మనిషి ఎత్తును బట్టి మారుతుంది కనుక ఎవరి బండిలో వారినే కూర్చోబెట్టాలి. ఆ తరువాత ఒక్క పనే చెప్పాలి: దిగినవారు ఆరుగురైతే, ఆరుగురూ రోడ్డు అంచున ఉన్నారని లెక్కపెట్టి ఆయా చెయ్యెత్తేదాకా గేరు వేయకూడదు.

పటమట, ఒక తల్లి: మా పాప బస్సు డ్రైవరు ఫోనులో మాట్లాడుతూ నడుపుతాడు. ఎవరికి ఫిర్యాదు చేయాలో ఇక్కడెవరూ చెప్పడం లేదేమిటి?

విశ్రాంత ట్రాఫిక్ ఎస్సై: ముందు బడికి రాతపూర్వకంగా ఇవ్వండమ్మా, బస్సు నంబరు, సమయం రాసి. వారు కదలకపోతే రవాణా శాఖకు ఇవ్వండి.

గుంటూరు, స్కూల్ బస్సు డ్రైవరు: ఫొటోలు చూసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు, తెల్లవారి బండి నడిపిన తీరు మాత్రం మారలేదు. గీత సంగతి బాగుంది సార్. అయితే నా ట్రిప్పులో 22 స్టాపులున్నాయి, లెక్కకోసం ఒక్కోచోట 20 సెకన్లు ఆగినా ఏడు నిమిషాలు దాటుతుంది, ఆలస్యానికి మెమో నాకే వస్తుంది. ఆ రోజు మా రవాణా బాధ్యుడు గారిని కూడా మాతో కూర్చోమనండి.