అప్‌డేట్: పర్లాకిమిడి పెళ్లికార్డు కుదిరింది

అప్పుడు నేను అడిగిన ప్రశ్న: "తెలుగు, ఇంగ్లిష్ ఒకే కార్డులో పెడితే కిక్కిరిసిపోతోంది, ఎలా సర్దాలి?"

ఒక లైను తెలుగు, ఒక లైను ఇంగ్లిష్ పద్ధతి మానేసి ఎడమ పేజీ తెలుగుకి, కుడి పేజీ ఇంగ్లిష్‌కి ఇచ్చేశాం, మా ఒడియా స్నేహితులు నేరుగా కుడివైపే చదువుకుంటారు. అసలు చిక్కంతా లైన్ల మధ్య ఖాళీలోనే. ఇంగ్లిష్‌లో 12 పాయింట్ల అక్షరానికి లైను నుంచి లైనుకి 15 పాయింట్లు సరిపోయింది గానీ, తెలుగులో "లక్ష్మి"లోని మ-వత్తు కింది లైను గుడిని తాకుతోంది, అందుకని 14కి 22 ఇచ్చాం. వధూవరుల పేర్లు 26, ముహూర్తం, వేదిక 16 బోల్డు, తల్లిదండ్రుల పేర్లు మామూలు 14. పెదనాన్నగారు తన పేరు కూడా పెద్దక్షరాల్లో ఉండాలన్నారు, ఒప్పుకోలేదు! వధూవరుల పేర్లు రెండు పేజీల్లోనూ ఒకే ఎత్తులో నిలబెడితే, మిగతా లైన్లు ఎదురెదురుగా రాకపోయినా కంటికి తెలియడం లేదు.