ఒకే ఇంజన్, రెండు ఫలితాలు: ఒనిముషా దేనిలా నడుస్తుంది?

నమస్తే, మాది కావలి. నా పీసీలో ఆర్‌ఎక్స్ 6600 కార్డు, రైజెన్ 5 3600 ప్రాసెసర్ ఉన్నాయి. రాబోయే ఒనిముషా: వే ఆఫ్ ది స్వోర్డ్ కూడా ఆర్‌ఈ ఇంజన్ మీదే కాబట్టి, అదే ఇంజన్ పాత గేములతో అంచనా వేస్తున్నాను.

రెసిడెంట్ ఈవిల్ 4 రీమేక్‌లో 1080పీ దగ్గర 60 ఫ్రేములు నిలకడగా వస్తున్నాయి. డ్రాగన్స్ డాగ్మా 2లో మాత్రం వెర్న్‌వర్త్ ఊళ్లో అడుగు పెట్టగానే 40కి పడిపోతున్నాయి. రిజల్యూషన్ తగ్గించినా ఒక్క ఫ్రేమ్ పెరగలేదు, కార్డు వాడకం 60 శాతం దాటలేదు. అంటే అంతమంది జనాన్ని నడిపించలేక ప్రాసెసరే చతికిలబడుతోందన్నమాట.

ఒనిముషా ఓపెన్ వరల్డ్ కాదు కాబట్టి రెసిడెంట్ ఈవిల్‌నే కొలమానంగా తీసుకోవచ్చా? శత్రువులు గుంపుగా వచ్చే చోట ఏ సీన్‌తో పరీక్షించాలి? ప్రాసెసర్ ఇప్పుడే మార్చాలా, ఆగాలా? దయచేసి చెప్పండి.